మూత్రం స్ట్రిప్ ఫోటోలో రంగులు: ఏ గడిని ఎంత నమ్మాలి?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు. పదేళ్లుగా షుగర్. నేను పుణెలో ఉంటాను, అమ్మ ఖమ్మం దగ్గర మా ఊళ్లోనే ఉంటుంది. ఆన్‌లైన్‌లో పది గళ్ల యూరిన్ స్ట్రిప్పుల సీసా కొని పంపాను. నిన్న రాత్రి అమ్మ స్ట్రిప్ ముంచి, స్టవ్ మీద పని చూసుకుని వచ్చి ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టింది. గ్లూకోజ్ గడి ముదురు గోధుమ రంగు, ప్రొటీన్ లేత ఆకుపచ్చ, బ్లడ్ గడిలో పచ్చ చుక్కలు, నైట్రైట్ లేత గులాబీ. నా దగ్గరున్న చార్టుతో పోలిస్తే నాలుగూ తేడాగానే ఉన్నాయి. అమ్మకు జ్వరం లేదు, మంట లేదు. రెండు నెలల కిందట డాక్టర్ గారు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర కొత్తగా రాశారు. కిడ్నీలు దెబ్బతిన్నట్టేనా? యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టమని చెప్పనా? చాలా టెన్షన్‌గా ఉంది. ఫోటో జత చేస్తున్నాను.
– ఒక పాఠకుడు, పుణె

సమాధానం: యాంటీబయాటిక్ వద్దు. జ్వరం, మంట లేని మనిషికి ఒక గడి లేత గులాబీగా కనిపించిందని ఆ మందు వేయరు. కిడ్నీల సంగతి ఈ ఫోటో చెప్పలేదు. చెడిపోయాయనీ చెప్పలేదు, బాగున్నాయనీ చెప్పలేదు. ఆ నాలుగు గళ్లలో ఒకదానికి కారణం మాత్రం మీ ఉత్తరంలోనే ఉంది. మిగతా మూడింటికి రేపు పొద్దున ఇంకో స్ట్రిప్, ఆ తర్వాత ల్యాబ్‌లో రెండు మూడు చిన్న పరీక్షలు కావాలి.

గళ్ల కంటే ముందు ఫోటో గురించి మాట్లాడుకుందాం. మీరు పంపినదాన్ని పెద్దది చేసి చూశాను. గడికీ గడికీ మధ్య కనిపించే ప్లాస్టిక్ పట్టీ అసలు తెల్లగా ఉండాలి. మీ ఫోటోలో అది వెన్న రంగులో ఉంది. అంటే గదిలో పసుపు వెలుతురు ఉంది, ఫోన్ దాన్ని పూర్తిగా సరిచేయలేదు. ఇలాంటి వెలుతురులో రంగులన్నీ ఒకే వైపుకు జరుగుతాయి కానీ దాని ఫలితం మాత్రం గడిని బట్టి మారుతుంది. నైట్రైట్ గడి సహజంగా తెలుపు. పసుపు, ఎరుపు కలిసిన బల్బు వెలుతురు దాని మీద పడితే లేనిపోని గులాబీ ఛాయ వస్తుంది. ప్రొటీన్ గడి పసుపులో మొదలై పచ్చదనానికి పోతుంది. అదే వెలుతురు ఆ పచ్చదనాన్ని తగ్గించి చూపిస్తుంది. అంటే ఒకే ఫోటో నైట్రైట్‌ను పెంచి, ప్రొటీన్‌ను తగ్గించి చూపించే అవకాశం ఉంది. మీ ఫోన్‌లో రాత్రిళ్లు కళ్లకు హాయిగా ఉండేందుకు తెర పసుపుగా మారే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే దాని ప్రభావం కూడా తోడవుతుంది. మీరు మీ దగ్గరున్న చార్టును తెర పక్కన పెట్టుకుని పోల్చారు కదా, మీ చేతిలోని చార్టు మీద పుణె వెలుతురు పడుతోంది, ఫోటోలోని స్ట్రిప్ మీద ఖమ్మం బల్బు పడుతోంది. ఆ పోలిక చెల్లదు. చార్టు, స్ట్రిప్ రెండూ ఒకే ఫోటోలో, ఒకే వెలుతురులో ఉన్నప్పుడే పోల్చడానికి అర్థం ఉంటుంది. ఫోన్‌తో స్ట్రిప్ చదివే యాప్‌లలో మంచివి కూడా స్ట్రిప్‌ను ఒక రంగుల కార్డు మీద పెట్టించి ఫోటో తీయించుకునేది ఇందుకే.

రెండో తేడా టైమ్. స్టవ్ మీద పని చూసుకుని వచ్చారు అన్నారు. అయిదు నిమిషాలో, పావుగంటో తెలియదు. ఈ గళ్లలో జరిగే రసాయన చర్య మీరు చూసే వరకు ఆగి ఉండదు. చాలా రకాల స్ట్రిప్పుల్లో గ్లూకోజ్ గడిని 30 సెకన్లకు, ప్రొటీన్, బ్లడ్, నైట్రైట్ గళ్లను 60 సెకన్లకు చదవాలి. తెల్లకణాల గడికి మాత్రం రెండు నిమిషాల దాకా ఆగాలి. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది, ఆ సెకన్లు సీసా మీదే ప్రతి రంగు వరస పక్కన ముద్రించి ఉంటాయి. రెండు నిమిషాలు దాటాక వచ్చే రంగుకు విలువ లేదని తయారీదారులే రాస్తారు. గ్లూకోజ్ గడి ఆలస్యమయ్యే కొద్దీ ముదురుతుంది, తడి ఆరుతున్న కొద్దీ మిగతా గళ్ల అంచులు కూడా రంగు తేలుతాయి.

మూడోది, మీ ఫోటోలోనే కనిపించింది. ప్రొటీన్ గడి పక్కన పీహెచ్ గడి ఉంది కదా, అది పచ్చగా ఉంది కానీ ప్రొటీన్ వైపున్న అంచు మాత్రం నారింజ రంగుకు తిరిగింది. ప్రొటీన్ గడిలో ఆమ్లం పట్టించి ఉంటుంది. స్ట్రిప్‌ను నిలువుగా పట్టుకున్నా, ఎక్కువైన మూత్రాన్ని తీసేయకపోయినా ఆ ఆమ్లం పక్క గడిలోకి కారుతుంది. ల్యాబ్‌లో కొత్తగా చేరిన వాళ్లకు మొదట నేర్పేది ఇదే, స్ట్రిప్‌ను అడ్డంగా పట్టుకోవడం. ఒక గడి కారిందంటే మిగతావి కూడా శుభ్రంగా లేవనే అనుకోవాలి.

ఇక ఒక్కో గడి. గ్లూకోజ్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే మిమ్మల్ని ఎక్కువ భయపెట్టినది అదే అయి ఉంటుంది, తేలిగ్గా తేలిపోయేదీ అదే.

మామూలుగా రక్తంలో షుగర్ 180 మిల్లీగ్రాములు దాటితేనే కిడ్నీలు దాన్ని పూర్తిగా వెనక్కి పీల్చుకోలేక మూత్రంలోకి వదులుతాయి. అందుకే పాత రోజుల్లో మూత్రంలో షుగర్ కనిపిస్తే రక్తంలో బాగా పెరిగిందని లెక్క. డాపాగ్లిఫ్లోజిన్ చేసే పనే ఆ వెనక్కి పీల్చుకోవడాన్ని అడ్డుకోవడం. ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి ఆ కుటుంబంలోని మిగతా మాత్రలూ అంతే. ఈ మాత్ర వేసుకునే షుగర్ పేషెంట్ మూత్రంలో రోజుకు 70 గ్రాముల దాకా గ్లూకోజ్ పోతుంది. మీ అమ్మగారు రోజుకు రెండు లీటర్ల మూత్రం పోస్తున్నారనుకుంటే లీటరుకు 35 గ్రాములు, అంటే డెసిలీటరుకు 3500 మిల్లీగ్రాములు. స్ట్రిప్ చార్టులో చిట్టచివరి రంగు సాధారణంగా 2000 దగ్గరే ఆగిపోతుంది. రక్తంలో షుగర్ 120 ఉన్న రోజున కూడా ఆ గడి ముదురు గోధుమ రంగులోకి పోవాల్సిందే. పోకపోతేనే మాత్ర వేసుకుంటున్నారా లేదా అని అడగాలి.

కాబట్టి ఈ మాత్ర వాడుతున్నన్నాళ్లూ గ్లూకోజ్ గడితో షుగర్ కంట్రోల్‌ను కొలవలేరు. దానికి గ్లూకోమీటర్, మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ ఉన్నాయి. ఆ గడిని చూసి భయపడి మాత్ర ఆపేయమని మాత్రం చెప్పకండి. కిడ్నీకి మేలు చేస్తుందని కూడా ఈ మందును రాస్తారు. ఒక జాగ్రత్త ఉంది. మూత్రంలో ఇంత చక్కెర పోతుంటే ఆ భాగంలో ఫంగస్ పట్టి దురద, తెల్లటి పొర రావడం మామూలు. ఊళ్లో ఉన్న అమ్మలు ఈ సంగతి కొడుకుకు చెప్పరు. మీ ఇంట్లో ఆడవాళ్ల చేత అడిగించండి.

ఇదే మాత్ర గురించి ఇంకో మాట, స్ట్రిప్‌తో సంబంధం ఉంది కాబట్టి చెబుతున్నాను. వాంతులు పట్టుకుని అన్నం నీళ్లు లేకుండా ఉంటే ఈ మందు వాడేవాళ్లకు రక్తంలో కీటోన్లు, అంటే ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు తయారయ్యే ఆమ్లాలు, ప్రమాదకరంగా పెరగవచ్చు. అప్పుడు గ్లూకోమీటర్‌లో షుగర్ 200 కూడా చూపించకపోవచ్చు, అందరూ బాగానే ఉందనుకుంటారు. అలాంటి రోజున స్ట్రిప్ మీద కీటోన్ గడి ఊదా రంగుకు తిరిగినా, తిరగకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆ పూట మాత్ర వేయకుండా ఆపి, ఆ మాట అక్కడి డాక్టర్‌కు చెప్పాలి.

ప్రొటీన్ గడి దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం, ఎందుకంటే పదేళ్ల షుగర్ ఉన్న మనిషికి అసలు ముఖ్యమైనది ఇదే. ఇందులో ఒక రంగు పదార్థం, దాన్ని ఎప్పుడూ ఆమ్లంలోనే ఉంచే ఒక లవణం ఉంటాయి. ప్రొటీన్ లేకపోతే పసుపుగా ఉంటుంది. ప్రొటీన్, ముఖ్యంగా ఆల్బుమిన్, వచ్చి ఆ రంగు పదార్థాన్ని పట్టుకుంటే పచ్చగా, ఇంకా ఎక్కువైతే నీలి పచ్చగా మారుతుంది. చార్టులో ఒక ప్లస్ అంటే డెసిలీటరుకు సుమారు 30 మిల్లీగ్రాములు, రెండు ప్లస్‌లు 100, మూడు ప్లస్‌లు 300. మీ ఫోటోలోని రంగు ట్రేస్‌కూ ఒక ప్లస్‌కూ మధ్య ఎక్కడో ఉంది. ఆ వెలుతురులో అంతకంటే గట్టిగా చెప్పలేను.

ఇక్కడ ఒక చిన్న లెక్క చూడండి. ఒక ప్లస్, అంటే డెసిలీటరుకు 30, లీటరుకు 300 మిల్లీగ్రాములు. మీ అమ్మగారు ఆ రోజు లీటరున్నర మూత్రం పోస్తే మొత్తం 450 మిల్లీగ్రాముల ప్రొటీన్ పోయినట్టు. ఎండలో తిరిగి నీళ్లు తాగక అర లీటరే పోస్తే 150. రోజుకు 150 లోపు పోవడం మామూలే. గడి మీద రెండు రోజులూ ఒకే పచ్చ రంగు. ఒక రోజు అది పట్టించుకోవాల్సిన సంగతి, ఇంకో రోజు నీళ్లు తక్కువ తాగిన సంగతి. స్ట్రిప్ గాఢతను మాత్రమే చూస్తుంది, మొత్తాన్ని చూడదు. మూత్రం చిక్కగా ఉందా పలచగా ఉందా అని చెప్పే గడి కూడా స్ట్రిప్ మీద ఉంది, స్పెసిఫిక్ గ్రావిటీ అని. చార్టులో అది 1.030 వైపు ఉన్నప్పుడు లేత పచ్చ ప్రొటీన్‌కు పెద్ద బరువు ఇవ్వక్కర్లేదు. 1.005 దగ్గర ఉండి కూడా ప్రొటీన్ పచ్చగా ఉంటే దాన్ని తీవ్రంగా తీసుకోవాలి.

ప్రొటీన్ గడి అబద్ధం చెప్పే సందర్భాలు ఇంకా ఉన్నాయి. మూత్రం బాగా క్షారంగా ఉంటే, అంటే పీహెచ్ ఎనిమిది దాటితే, గడిలోని ఆమ్లం ఓడిపోయి ప్రొటీన్ లేకపోయినా పచ్చబడుతుంది. స్ట్రిప్‌ను మూత్రంలో ఎక్కువసేపు నానబెట్టినా ఆ ఆమ్లం కడుక్కుపోయి అదే జరుగుతుంది. జ్వరం ఉన్న రోజు, పొలంలో బాగా కష్టపడిన రోజు నిజంగానే కొంత ప్రొటీన్ పోతుంది, రెండు రోజులకు తగ్గిపోతుంది. అందుకే ఒక్కసారి వచ్చిన పచ్చ రంగుతో ఎవరూ కిడ్నీ జబ్బు అని పేరు పెట్టరు.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా పెద్దది. షుగర్ వల్ల కిడ్నీకి మొదట తగిలే దెబ్బ చాలా కొద్దిపాటి ఆల్బుమిన్‌గా కనిపిస్తుంది, దాన్ని ఈ గడి పట్టుకోలేదు. గడి పసుపుగా ఉంది కదా అని ఏళ్ల తరబడి నిశ్చింతగా ఉన్నవాళ్లను చూశాను. కావాల్సిన పరీక్ష మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. ల్యాబ్‌లో ఏసీఆర్ అంటే తెలుస్తుంది. కండరాల నుంచి వచ్చే వ్యర్థమైన క్రియాటినిన్ దాదాపు ఒకే లెక్కన మూత్రంలోకి పోతుంటుంది కాబట్టి దాంతో భాగిస్తే నీళ్లు ఎక్కువ తాగినా తక్కువ తాగినా ఆ తేడా కొట్టుకుపోతుంది. గ్రాము క్రియాటినిన్‌కు 30 మిల్లీగ్రాముల లోపు ఆల్బుమిన్ ఉంటే మామూలు. 30 నుంచి 300 మధ్య ఉంటే దెబ్బ మొదలైందని అనుమానం, ఆపైన ఉంటే ఎక్కువే. అది కూడా ఒక్క రిపోర్టుతో కాదు, మూడు నుంచి ఆరు నెలల్లో చేసిన మూడు పరీక్షల్లో రెండు ఎక్కువగా వస్తేనే ఖాయం చేస్తారు. షుగర్ ఉన్నవాళ్లు ఏడాదికోసారైనా ఇది చేయించుకోవాలి. మీ అమ్మగారికి ఎప్పుడైనా చేశారేమో పాత రిపోర్టులు తీయించి చూడండి.

దాంతోపాటు రక్తంలో క్రియాటినిన్, దాని నుంచి లెక్కగట్టి కిడ్నీలు రక్తాన్ని ఎంత వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ కూడా. మూత్రంలో ప్రొటీన్ లేకుండానే కిడ్నీలు చెడిపోయే జబ్బులు ఉన్నాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి వైపు కనిపించే కిడ్నీ జబ్బే దానికి ఉదాహరణ. అక్కడ చాలామందికి ప్రొటీన్ పోయేది కొద్దిగానే, కొందరికి అసలు పోదు, కానీ క్రియాటినిన్ పెరుగుతూ ఉంటుంది. అలాంటి చోట స్ట్రిప్‌లో పసుపు గడి చూసి ఇంటికి పంపితే జబ్బును వదిలేసినట్టే. మీ అమ్మగారి విషయంలో ఒకటి గుర్తుంచుకోండి. డాపాగ్లిఫ్లోజిన్ మొదలుపెట్టిన తొలి వారాల్లో క్రియాటినిన్ కాస్త పెరగడం ఉంటుంది. రిపోర్టు చూపించేటప్పుడు మాత్ర ఎప్పుడు మొదలైందో డాక్టర్ గారికి గుర్తు చేయండి, పాత క్రియాటినిన్ ఉంటే అది కూడా తీసుకెళ్లమనండి.

బ్లడ్ గడిలో మీకు కనిపించిన చుక్కలు మంచి క్లూ. ఈ గడి రక్తకణాలను నేరుగా గుర్తుపట్టదు, వాటిలో ఉన్న హీమ్ అనే పదార్థం చేసే రసాయన పనిని గుర్తిస్తుంది. ఎర్ర రక్తకణం చెక్కుచెదరకుండా గడి మీద పడితే అక్కడే పగిలి అక్కడే రంగు తెస్తుంది, అందుకే పసుపు మీద విడివిడి పచ్చ చుక్కలు. కణాలు ముందే పగిలి హిమోగ్లోబిన్ కరిగిపోయి ఉంటే గడి మొత్తం ఒకే రంగు అవుతుంది. కండరాలు దెబ్బతిన్నప్పుడు వచ్చే మయోగ్లోబిన్‌తో కూడా అలాగే అవుతుంది, అప్పుడు మైక్రోస్కోపులో కణం ఒక్కటీ కనపడదు. మీ ఫోటోలో చుక్కలు విడిగానే ఉన్నాయి, కాబట్టి కొద్దిపాటి కణాలు ఉండే అవకాశం ఉంది. కానీ గడి ఒక మూల ఆరిపోయి ముదురుగా మారింది, అక్కడ ఏం జరిగిందో చెప్పలేం. మూత్రం పట్టిన గిన్నెను బ్లీచింగ్ పౌడర్‌తోనో, అలాంటి క్లీనర్‌తోనో కడిగి ఉన్నా ఈ గడి రంగు మారుతుంది, గ్లూకోజ్ గడి కూడా. పోవిడోన్ అయోడిన్ లోషన్‌తో కడుక్కున్నా అంతే.

దీన్ని తేల్చేది మైక్రోస్కోపు. ల్యాబ్‌లో సీయూఈ అని రాస్తే చాలు, తాజా మూత్రాన్ని తిప్పి అడుగున దిగినదాన్ని చూస్తారు. ఒక్కో ఫీల్డ్‌లో మూడు లేదా అంతకు మించి ఎర్ర కణాలు ఉంటే అప్పుడు దాన్ని నిజమైన రక్తంగా లెక్కిస్తారు. శాంపిల్ ఇంట్లో పట్టి రెండు మూడు గంటలు బస్సులో తిప్పి ఇస్తే కణాలు పగిలిపోతాయి, చూసేవాళ్లకు ఏమీ దొరకదు. ల్యాబ్ దగ్గరే ఇవ్వాలి. 61 ఏళ్ల వయసులో నెలసరి సమస్య లేదు కాబట్టి, మైక్రోస్కోపులో కణాలు నిజంగా కనిపిస్తే వదిలేయకూడదు. కిడ్నీలో రాయి నుంచి మూత్రాశయంలో గడ్డ దాకా కారణాలు ఉంటాయి, స్కానింగ్, యూరాలజిస్ట్ సలహా కావాలి. కంటికి ఎర్రగా కనిపించే మూత్రం ఒక్కసారి వచ్చినా, నొప్పి లేకపోయినా, స్ట్రిప్‌తో పని లేదు, నేరుగా డాక్టర్ దగ్గరికే. బీట్‌రూట్ తిన్న మర్నాడు వచ్చే ఎరుపు వేరు, అందులో హీమ్ లేదు కాబట్టి బ్లడ్ గడి దానికి లొంగదు.

విటమిన్ సి మాత్రలు వేసుకుంటున్నారేమో కూడా అడగండి. కరోనా రోజుల్లో మొదలుపెట్టి ఇంకా మానని వాళ్లు చాలామంది ఉన్నారు. మూత్రంలోకి పోయిన విటమిన్ సి బ్లడ్, గ్లూకోజ్, నైట్రైట్ గళ్ల రంగును అణచేస్తుంది. ఉన్నది లేనట్టు చూపిస్తుంది.

నైట్రైట్ దగ్గరికి వద్దాం. మనం తినే ఆకుకూరల నుంచి నైట్రేట్ మూత్రంలోకి చేరుతుంది. ఈ-కోలి లాంటి కొన్ని బ్యాక్టీరియాలు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి, ఆ నైట్రైట్ గడిలో గులాబీ రంగు తెస్తుంది. ఇది జరగాలంటే మూత్రం కనీసం నాలుగు గంటలు మూత్రాశయంలో నిలవ ఉండాలి. డాపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్లు రాత్రి కూడా లేచి వెళ్తారు, అందుకని ఇన్ఫెక్షన్ ఉన్నా ఈ గడి తెల్లగానే ఉండవచ్చు. ఎంటెరోకాకస్ లాంటి క్రిములకు నైట్రేట్‌ను మార్చే శక్తే లేదు, వాటితో వచ్చిన ఇన్ఫెక్షన్‌లోనూ గడి తెల్లగానే ఉంటుంది. కాబట్టి తెల్లగా ఉందంటే ఇన్ఫెక్షన్ లేదని అర్థం కాదు.

గులాబీ అంటే మాత్రం సాధారణంగా బ్యాక్టీరియా ఉన్నట్టే, అది కూడా గడి మొత్తం ఒకేలా రంగు మారి, టైమ్‌కు చదివినప్పుడు. గడి అంచున మాత్రమే గులాబీ గీత ఉంటే లెక్కలోకి తీసుకోరు. రంగు ఎంత ముదురుగా ఉంటే అంత ఎక్కువ క్రిములు అని కూడా లేదు, ఈ గడికి ఉందా లేదా అన్న రెండు జవాబులే. మూత్రం గిన్నెలో గంటల తరబడి ఉండిపోతే బయట పడ్డ క్రిములే పెరిగి గులాబీ చేస్తాయి. ఇంకోటి, మీ సీసా గురించి. మూత సరిగా బిగించకుండా బాత్‌రూమ్‌లో పెడితే తేమ తగిలి నైట్రైట్ గడి మూత్రం తగలకుండానే గులాబీకి తిరుగుతుంది. దీన్ని తెలుసుకోవడం సులువు. సీసాలోంచి ఒక పొడి స్ట్రిప్ తీసి, పగటి వెలుతురులో చార్టులోని నెగెటివ్ రంగుల పక్కన పెట్టి చూడమనండి. పొడిగా ఉన్నప్పుడే రంగు తేడాగా ఉంటే ఆ సీసా పారేయడమే.

గులాబీ నిజమే అనుకుందాం. అయినా మంట, మాటిమాటికీ పోవడం, జ్వరం, పొత్తికడుపు నొప్పి ఏవీ లేవు కదా. షుగర్ ఉన్న ఆడవాళ్లలో లక్షణాలు లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా ఉండటం చాలా మామూలు. దానికి మందు వేసినందువల్ల మేలు జరగదని తేలింది, మందుకు లొంగని క్రిములు తయారవడం ఒక్కటే మిగులుతుంది. గర్భిణులకూ, మూత్రమార్గంలో ఆపరేషన్ చేయబోయేవాళ్లకూ మాత్రం లెక్క వేరు. రేపు మీ అమ్మగారికి మంట మొదలైతే మందుల షాపులో అడిగి తెచ్చుకోకుండా ముందు యూరిన్ కల్చర్‌కు శాంపిల్ ఇచ్చి, తర్వాత డాక్టర్ రాసిన మందు వాడాలి. ఒక్క మాత్ర పడ్డాక ఇచ్చిన కల్చర్‌లో క్రిమి పెరగకపోవచ్చు.

రేపు పొద్దున మళ్లీ చేయించండి, ఈసారి ఇలా. నిద్ర లేవగానే పోసే మొదటి మూత్రం. ముందు మామూలు నీళ్లతో శుభ్రం చేసుకుని, మొదట కొంచెం వదిలేసి, మధ్యలో వచ్చేదాన్ని పొడిగా ఉన్న శుభ్రమైన కప్పులో పట్టాలి. ల్యాబ్‌లలో, మందుల షాపుల్లో దొరికే మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా మేలు. సీసాలోంచి ఒక్క స్ట్రిప్ తీసి వెంటనే మూత బిగించాలి, లోపలి తేమ పీల్చే పొట్లం తీసి పారేయకూడదు. స్ట్రిప్‌ను గళ్లన్నీ మునిగేలా ఒక్క క్షణం ముంచి తీయాలి, కప్పు అంచుకు పక్కగా రాసి, దాని అంచును టిష్యూ పేపర్‌కు తాకించి ఎక్కువ తడి తీసేయాలి. తర్వాత తెల్ల కాగితం మీద అడ్డంగా పరచాలి.

కిటికీ దగ్గర, ఎండ నేరుగా పడని చోట. లైటు వేయొద్దు, ఫ్లాష్ వద్దు. ముంచిన క్షణం ఫోన్‌లో స్టాప్‌వాచ్ నొక్కి, సీసాను స్ట్రిప్ పక్కనే పడుకోబెట్టి, చార్టు స్ట్రిప్‌తో ఒకే వైపు తిరిగి ఉండేలా పెట్టి 30 సెకన్లకు ఒక ఫోటో, 60కి ఒకటి, రెండు నిమిషాలకు ఒకటి తీయాలి. ఒక్కరే చేయడం కష్టం, పక్కింటి పిల్లాడి సాయం అడగమనండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపితే అసలు ఫోటో వస్తుంది, తీసిన టైమ్ కూడా తెలుస్తుంది. సీసా మీది గడువు తేదీని కూడా ఒక ఫోటో తీయించుకోండి. సీసా తెరిచాక మూడు నెలల్లోపు వాడేయమని చాలా సీసాల మీద రాసి ఉంటుంది.

ఆ ఫోటోలో మీరు చూడాల్సినవి మూడే, ప్రొటీన్, బ్లడ్, నైట్రైట్. గ్లూకోజ్ గోధుమ రంగు ఉండే తీరుతుంది. మూడూ మామూలుగా వచ్చినా ఏసీఆర్, క్రియాటినిన్ మానుకోవద్దు, అవి స్ట్రిప్ చూడలేని వాటి కోసం. బ్లడ్ చుక్కలు మళ్లీ కనిపిస్తే ఆ వారంలోనే సీయూఈ. డాక్టర్ గారి దగ్గరికి వెళ్లేటప్పుడు స్ట్రిప్ ఫోటోల కంటే ఎక్కువ పనికొచ్చేది రెండు పూటల బీపీ రీడింగులు రాసిన కాగితం, షుగర్ కిడ్నీ మీద బీపీ చేసే నష్టం అంత ఎక్కువ.

వీటికోసం ఆగకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన సందర్భాలు ఉన్నాయి: చలితో జ్వరం రావడం, నడుముకు ఒక పక్క నొప్పి, ఆగని వాంతులు, మత్తుగా పడి ఉండటం, మూత్రంలో రక్తపు గడ్డలు, రోజంతా మూత్రం రాకపోవడం. పక్కింటివాళ్ల నంబరు మీ దగ్గర ఉంచుకుని, ఈ లక్షణాలు వాళ్లకు కూడా చెప్పి పెట్టండి. జ్వరం వచ్చిందని మీ అమ్మగారు ఫోన్ చేస్తే ఇంకో స్ట్రిప్ ముంచమని మాత్రం అనకండి.